షాపు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ క్లౌడ్‌లో పెట్టాలా వద్దా, పెట్టించే ముందు ఏమేం చూస్కోవాలి

ప్రశ్న: మాది మధిరలో హార్డ్‌వేర్, పెయింట్స్ షాపు అన్నా. కౌంటర్ మీద ఒకటే కంప్యూటర్, అందులో టాలీ ఉంది, సింగిల్ యూజర్, ఎనిమిదేళ్ల లెక్కలు అందులోనే ఉన్నాయి. రోజుకి 80, 90 బిల్లులు అవుతాయి, సంక్రాంతి ముందు రంగుల సీజన్‌లో 150 దాకా పోతాయి. గోడౌన్ ఊరి బయట 3 కిలోమీటర్లు, అక్కడ ఒక కుర్రాడు ఉంటాడు, ఫోన్ చేస్తే సరుకు పంపిస్తాడు. మా అబ్బాయి హైదరాబాద్‌లో ఉద్యోగం, వాడికి అక్కడ్నుంచి స్టాకు, బాకీలు కనపడాలంట. మొన్న ఒకాయన వచ్చి యూజర్‌కి నెలకి 700 చొప్పున కట్టండి, మీ టాలీ మొత్తం క్లౌడ్‌లో పెట్టేస్తాం, ఎక్కడ్నుంచైనా చూస్కోవచ్చు, డేటా ఎప్పటికీ పోదు అన్నాడు. పెట్టించమంటావా?

జవాబు: అన్నా, ఒక్క మాటలో అడిగితే ఇప్పటికి వద్దు అంటాను, కానీ ఎందుకు వద్దంటున్నానో, ఏ రోజు అవసరం పడుతుందో మీరే మీ కౌంటర్ దగ్గర కూర్చుని తేల్చుకునేలా చెప్తాను, ఎందుకంటే రేపు ఇంకొకడు వచ్చి 500కే ఇస్తాం అంటే మళ్లీ అదే అనుమానం వస్తది.

ముందు వాళ్లు చేసేది ఏంటో తెలుసుకోండి. మీ టాలీ ఇప్పుడు మీ బల్ల కింద ఉన్న సీపీయూలో నడుస్తుంది కదా, దాన్ని తీసుకెళ్లి ముంబైలోనో హైదరాబాద్‌లోనో ఒక డేటా సెంటర్‌లో ఉన్న విండోస్ సర్వర్‌లో పెడతారు, మీ కంప్యూటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ అనే కిటికీ తెరిచి ఆ సర్వర్ స్క్రీన్‌ని ఇక్కడ చూస్తారు. మీరు ఇక్కడ ఒక కీ నొక్కితే అది నెట్ మీద అక్కడిదాకా వెళ్లి, అక్కడ టాలీలో పడి, మారిన బొమ్మ తిరిగి మీ స్క్రీన్ మీదకొస్తుంది. టాలీ అదే, లైసెన్స్ మీదే, మారిందల్లా కౌంటర్‌కీ లెక్కలకీ మధ్య ఒక వైరు వచ్చి చేరింది. ఆ వైరు తెగితే మీ లెక్క ఎక్కడికీ పోదు గానీ ఎదురుగా నిలబడ్డ మేస్త్రికి బిల్లు కొట్టలేరు, నేను చెప్పేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతది.

మొదటి పని, ఎందుకు కావాలో కాగితం మీద రాయండి

నేను ఖమ్మం చుట్టుపక్కల షాపులకి కంప్యూటర్లు, బిల్లింగ్ పెట్టే పనిలోనే ఉన్నాను, క్లౌడ్ అడిగేవాళ్లందరూ చెప్పే కారణాలు మూడే. సిస్టమ్ పోతే డేటా పోతదేమో అని భయం, ఇంకో ఊర్నుంచి చూడాలని, ఇంకో చోట్నుంచి ఎంట్రీ కూడా కొట్టాలని. ఈ మూడూ ఒకటి కాదన్నా. భయం ఒక్కటే అయితే దానికి మందు బ్యాకప్, ఊరికే చూడటానికి అయితే వేరే దారి ఉంది, రెండు చోట్ల ఇద్దరు మనుషులు ఒకే సమయంలో ఒకే లెక్కలో ఎంట్రీలు కొట్టాలంటేనే క్లౌడ్ నిజంగా పనికొస్తది. మీ గోడౌన్ కుర్రాడు కంప్యూటర్ ముట్టుకోడు, ఫోన్ మీదే పని నడుస్తుంది, మీ అబ్బాయి చూస్తాడే గానీ ఎంట్రీ కొట్టడు. కాబట్టి మీకున్నవి మొదటి రెండు కారణాలే.

పైగా మీది సింగిల్ యూజర్ లైసెన్స్, అంటే సిల్వర్. సర్వర్‌లో పెట్టినంత మాత్రాన ఇద్దరికి చెల్లదు, మీరు బిల్లు కొడుతుండగా అబ్బాయి అక్కడ లోపలికి రావాలంటే మల్టీ యూజర్ లైసెన్స్, అంటే గోల్డ్ కావాలి, ఆ ఖర్చు నెల అద్దెకి అదనం. వచ్చినాయన ఈ ముక్క చెప్పాడో లేదో అడగండి. అద్దె లెక్క కూడా ఇప్పుడే వేసుకోండి, ఇద్దరు యూజర్లకి 700 చొప్పున 12 నెలలకి 16,800, దాని మీద 18 శాతం జీఎస్టీ 3,024, మొత్తం 19,824. మీరు మామూలు రిజిస్ట్రేషన్ అయితే ఆ 3,024 ఇన్‌పుట్‌లో తీసుకోవచ్చు, కాంపోజిషన్‌లో ఉంటే అది మీ జేబులోంచే.

రెండో పని, మీ నెట్ లైను పరీక్ష

ఎంత స్పీడు అని అడక్కండి, 100 ఎంబీపీఎస్ ఉందని కేబుల్ ఆయన చెప్పేది సినిమాలకి పనికొచ్చే లెక్క. రిమోట్ డెస్క్‌టాప్‌లో టాలీ నడపడానికి ఒక ఎంబీపీఎస్ ఉన్నా చాలు, కావాల్సింది ఏంటంటే లైను మధ్యలో తెగకూడదు, కీ నొక్కినప్పటి నుంచి జవాబు వచ్చేదాకా ఆలస్యం ఉండకూడదు. దాన్ని మీరే చూడొచ్చు, విండోస్‌లో cmd తెరిచి ఇది కొట్టండి, 8.8.8.8 అంటే గూగుల్ సర్వర్ అడ్రస్, వాళ్ల డెమో సర్వర్ అడ్రస్ ఇస్తే దాని ప్లేస్‌లో అది పెట్టండి.

```
ping -n 600 8.8.8.8
```

సెకనుకి ఒకటి చొప్పున 600 సార్లు పలకరిస్తది, పది నిమిషాలు పడుతుంది, ఈలోపు ఆ కిటికీ మూయకండి. వాళ్ల సర్వర్ పెట్టినప్పుడు అన్నీ Request timed out అనే వస్తే కంగారు పడొద్దు, కొన్ని సర్వర్లు పింగ్‌కి జవాబివ్వవు, అప్పుడు 8.8.8.8 తోనే మీ లైను సంగతి తేల్చుకోండి. చివర్లో ఇలా వస్తది:

```
Packets: Sent = 600, Received = 596, Lost = 4 (0% loss),
Minimum = 28ms, Maximum = 412ms, Average = 36ms
```

ఇక్కడ బ్రాకెట్‌లో 0% అని ఉంది కదా అని సంబరపడకండి, విండోస్ దశాంశాలు వదిలేసి చూపిస్తది, 600లో 5 పోయినా సున్నా అనే రాస్తది, అందుకే Lost పక్కన ఉన్న అంకె చూడాలి. పది నిమిషాల్లో నాలుగైదు పోతే పని నడుస్తది, అవి అక్కడక్కడా పోయాయా వరుసగా పోయాయా అనేది పైకి జరిపి చూడండి, వరుసగా ఇరవై పోయాయంటే ఆ సమయంలో స్క్రీన్ బిగుసుకుపోయి కౌంటర్ కుర్రాడు ఎంటర్ కీని టకటకా కొడుతూ ఉంటాడు, నెట్ రాగానే ఆ నొక్కుళ్లన్నీ ఒకేసారి పడి సగం నింపిన బిల్లు సేవ్ అయిపోతుంది. Average 60 లోపు ఉంటే ఇక్కడే నడిచినట్టు ఉంటుంది, 100 దాటితే చెయ్యి ముందు పోతుంది అక్షరం వెనక వస్తుంది, 150 దాటితే స్పీడుగా బిల్లు కొట్టే మనిషికి చిరాకు ఖాయం. ఎప్పుడూ 150 పైనే చూపిస్తుంటే సర్వర్ ఇండియాలో లేదేమో అడగండి, మన దగ్గర్నుంచి ముంబైకి, హైదరాబాద్‌కి అంత ఆలస్యం మామూలుగా ఉండదు.

ఈ పరీక్ష ఒక్కసారి చేసి ఊరుకోవద్దు. పొద్దున 11కి ఒకసారి, సాయంత్రం 7కి ఒకసారి, ఎందుకంటే ఊరంతా నెట్ వాడేది అప్పుడే మీ షాపులో రద్దీ ఉండేదీ అప్పుడే. మూడోది అన్నిటికంటే ముఖ్యం, కరెంట్ పోయినప్పుడు. మీ ఇన్వర్టర్ మీద కంప్యూటర్, రౌటర్ రెండూ నడుస్తుండొచ్చు, రౌటర్ మీద పచ్చ లైట్లు వెలుగుతూనే ఉంటాయి, కానీ వీధి చివర స్తంభం మీద కేబుల్ ఆయన డబ్బా ఒకటి ఉంటది చూశారా, మన ఊళ్లల్లో చాలా చోట్ల దానికి ఆ వీధి కరెంటే దిక్కు, లోపల బ్యాటరీ ఉంటే కాసేపు లాగుతుంది, లేకపోతే వీధిలో కరెంట్ పోయిన నిమిషమే మీ నెట్ పోతది. మీ ఫైబర్ డబ్బా మీద LOS అని రాసి ఉన్న చోట ఎర్ర లైట్ వెలిగినా, లైట్లన్నీ బాగానే ఉండి నెట్ మాత్రం రాకపోయినా తేడా బయట ఉన్నట్టు, మీరు రౌటర్ ఆపి వేస్తే వచ్చేది కాదు.

మీరు మొన్న ఫోన్‌లో చెప్పారు కదా, పోయిన శనివారం కరెంట్ పోయాక నెట్ ఎన్ని నిమిషాలకి పోయిందో చూడమంటే ఆరు నిమిషాలకే పోయిందని, మళ్లీ కరెంట్ వచ్చేదాకా గంటా పది నిమిషాలు రాలేదని. మామూలు రోజు మీ లైను బాగానే ఉంది, సాయంత్రం 7కి కూడా నాలుగే పోయాయి, అయినా నేను వద్దంటున్నది ఆ గంటా పది నిమిషాల కోసమే. ఈ రోజు కరెంట్ పోతే మీ కంప్యూటర్ ఇన్వర్టర్ మీద నడుస్తూ బిల్లులు కొడుతూనే ఉంటుంది, క్లౌడ్‌కి వెళ్తే అదే గంట చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఫోన్ హాట్‌స్పాట్ ఉంది కదా అంటారు, పెట్టి చూడండి, కానీ ఊరంతా కరెంట్ పోయినప్పుడు అందరూ మొబైల్ డేటా మీదే పడతారు, అప్పుడు చేసిన పింగ్‌ని నమ్మండి గానీ మామూలప్పుడు చేసింది కాదు.

మూడో పని, ప్రింటర్

దీని గురించి ఎవరూ ముందు చెప్పరు, తర్వాత అందరూ దీని దగ్గరే ఇరుక్కుంటారు. మీ దగ్గరున్నది డాట్ మ్యాట్రిక్స్, కార్బన్ పేపర్ మీద రెండు కాపీలు, ఇప్పుడు బిల్లు కొడితే గరగరమని రెండు మూడు సెకన్లలో వచ్చేస్తది ఎందుకంటే టాలీ అక్షరాలని అక్షరాల్లాగే పంపిస్తది. సర్వర్ నుంచి కొడితే విండోస్ మామూలుగా ఆ బిల్లుని ఒక బొమ్మలాగా మార్చి పంపుతుంది, డాట్ మ్యాట్రిక్స్ ఆ బొమ్మని గీత గీతగా గీసుకుంటూ కూర్చుంటది, పది ఐటమ్‌ల బిల్లుకి అర నిమిషం పైన పట్టడం నేను కళ్లారా చూశాను, పైగా అక్షరాలు పలచగా వచ్చి కింది కార్బన్ కాపీ మీద సరిగ్గా పడవు. దీనికి మందు ఉంది, అదే ప్రింటర్ డ్రైవర్ సర్వర్‌లో కూడా వేయించి టెక్స్ట్ మోడ్‌లో పంపాలి, కొందరు చేసి పెడతారు కొందరు లేజర్ ప్రింటర్ కొనుక్కోండి అంటారు.

అందుకే డెమో వాళ్ల ల్యాప్‌టాప్‌లో చూపిస్తే ఒప్పుకోవద్దు, మీ కౌంటర్ మీద, మీ కంప్యూటర్‌తో, మీ ప్రింటర్ మీద, మీ కౌంటర్ కుర్రాడి చేత పది ఐటమ్‌ల బిల్లు కొట్టించి ఫోన్‌లో టైమ్ చూడండి. బార్‌కోడ్ స్కానర్‌తో పెద్ద ఇబ్బంది రాదు, అది కంప్యూటర్‌కి కీబోర్డ్ లాంటిదే కాబట్టి. వారం రోజులు డెమో అడగండి, ఆ వారంలో అసలు బిల్లులు మాత్రం మీ పాత సిస్టమ్‌లోనే కొట్టండి.

నాలుగో పని, నెట్ పోయిన రోజుకి బిల్లు పుస్తకం

రేపు ఎప్పుడైనా క్లౌడ్‌కి వెళ్లినా ఇది తప్పదు, కంప్యూటరే పాడైన రోజుకి కూడా ఇదే అక్కరకొస్తది. చాలామంది నెట్ లేనప్పుడు తెల్ల కాగితం మీద రాసిచ్చి సాయంత్రం సిస్టమ్‌లో కొడతారు, అప్పుడు కస్టమర్ చేతిలో ఒక కాగితం, మీ లెక్కలో ఇంకో నంబరు. అలా అక్కర్లేదు, జీఎస్టీ రూల్ 46 ప్రకారం బిల్లు నంబర్లు ఒకే వరుసలో ఉండాలని లేదు, ఒకటి కంటే ఎక్కువ సిరీస్‌లు పెట్టుకోవచ్చు, నంబరు 16 అక్షరాలు దాటకుండా, ఆ ఆర్థిక సంవత్సరంలో ఏ నంబరూ రెండుసార్లు రాకుండా ఉంటే చాలు. కాబట్టి H/26-27/0001 నుంచి మొదలయ్యే చేతి పుస్తకం ఒకటి అచ్చు వేయించండి, మీ జీఎస్టీ నంబరు, హెచ్‌ఎస్‌ఎన్ గడి, సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ గడులు అందులో ఉండాలి. టాలీలో కూడా అదే పేరుతో ఇంకో సేల్స్ వోచర్ టైప్ పెట్టుకుని, నెట్ వచ్చాక ఆ నంబర్లతోనే ఎక్కించండి, జీఎస్టీఆర్-1 టేబుల్ 13లో రెండు సిరీస్‌లూ ఎక్కడ్నుంచి ఎక్కడి దాకా అని చూపించమని మీ ఆడిటర్‌కి ఒక మాట చెప్పండి. మీ టర్నోవర్ 5 కోట్లు దాటితే జీఎస్టీ నంబరున్న కస్టమర్ల బిల్లులకి ఈ-ఇన్వాయిస్ తప్పనిసరి, వాటికి చేతి పుస్తకం సరిపోదు, నెట్ వచ్చేదాకా ఆగాల్సిందే.

ఐదో పని, వాళ్లని అడగాల్సినవి

నేను మొదట్లో క్లౌడ్ మీద పెట్టించిన ఎరువుల షాపు ఒకటి ఉంది, ఆ కంపెనీ పేరు వద్దులే. రెన్యువల్ తేదీ మార్చి ఆఖరి వారంలో పడింది, మెయిల్ ఎప్పుడో తీసేసిన పాత ఐడీకి వెళ్లింది, మాకు తెలియలేదు, 29న పొద్దున లాగిన్ కాలేదు. డబ్బులు కట్టాక కూడా తెరవడానికి రెండు రోజులు పట్టింది, సంవత్సరాంతం స్టాకు లెక్క తేల్చాల్సిన రోజులవి, ఆ పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు గానీ గోడౌన్‌లో నిలబడి బస్తాలు చేత్తో లెక్కపెట్టుకున్నాడు. ఆ రోజు మా చేతిలో సొంతంగా ఒక కాపీ ఉండుంటే ఇంట్లో కంప్యూటర్‌లో తెరుచుకునేవాళ్లం. అప్పటి నుంచి ముందు అడిగేది ఇదే: నా డేటా కాపీ నేనే, ఎవర్నీ అడగకుండా, ప్రతి వారం నా కంప్యూటర్‌లోకి దించుకోగలనా? నోటి మాట కాదు, ఎలా దించుకోవాలో ఇప్పుడు చూపించు అనండి.

తర్వాత బ్యాకప్ ఎక్కడ పెడతారు అని అడగండి, అదే సర్వర్‌లో ఇంకో ఫోల్డర్‌లో పెడతాం అంటే అది బ్యాకప్ కాదు, సర్వర్‌కి ర్యాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే వైరస్, తగిలితే రెండూ కలిసి పోతాయి. నిన్నటి డేటా తెచ్చి పెట్టి నా కళ్లముందు తెరవమనండి, చేయలేకపోతే మాట్లాడేది అక్కడితో ఆపేయొచ్చు. ఇంకోటి, రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్ట్, అంటే సర్వర్‌లోకి వచ్చే తలుపు, ఇంటర్నెట్‌కి బార్లా తెరిచి పెట్టారా, లాగిన్‌కి పాస్‌వర్డ్ కాకుండా ఓటీపీ కూడా ఉందా అని అడగండి, ఆ పోర్ట్ తెరిచి ఉన్న సర్వర్ల మీద పాస్‌వర్డ్‌లు ఊహించి కొట్టే ప్రోగ్రాములు పగలూ రాత్రీ నడుస్తూనే ఉంటాయి, షాపు పేరు పక్కన 123 పెట్టినవాళ్లు ముందు పోతారు.

మరి ఇప్పుడు మీరేం చేయాలి

డేటా షాపులోనే ఉంచండి, కాపీలు బయటికి పంపండి. రోజూ షాపు మూసేముందు టాలీ పూర్తిగా క్లోజ్ చేసి, పవర్‌షెల్ తెరిచి ఈ రెండు లైన్లు పేస్ట్ చేయండి, ఫోల్డర్ పేర్లు మీవి పెట్టుకోండి, G అనేది కంప్యూటర్‌లో గూగుల్ డ్రైవ్ ఇన్‌స్టాల్ చేస్తే వచ్చే డ్రైవ్, అందులో Backup అని ఒక ఫోల్డర్ ముందే చేసి పెట్టుకోండి.

```
$d = Get-Date -Format yyyy-MM-dd
Compress-Archive -Path "D:\TallyData" -DestinationPath "G:\My Drive\Backup\$d.zip"
```

తేదీ పేరుతో ఒక జిప్ తయారై పైకి వెళ్లిపోతది. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ మీ లెక్కలకి చాలా రోజులు సరిపోతుంది, నిండే ముందు నెల చివరివి ఉంచి మిగతావి తీసేయండి. టాలీ తెరిచి ఉండగా చేస్తే ఫైల్ వాడకంలో ఉందని ఎర్రగా రాస్తది, లేదంటే సగం సగం కాపీ వస్తది, అందుకే క్లోజ్ చేయమంటున్నా. అసలు డేటా ఫోల్డర్‌నే తీసుకెళ్లి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, అబ్బాయి ల్యాప్‌టాప్‌లోనూ అదే తెరుచుకుందాం అని కొందరు అంటారు, అది మాత్రం చేయొద్దు అన్నా, టాలీ ఒకే క్షణంలో చాలా ఫైళ్లలో రాస్తది, డ్రైవ్ వాటిని ఒక్కోటి తీరిగ్గా పంపుతుంది, రెండు చోట్లా తెరిచారంటే కొన్ని ఫైళ్లు ఇక్కడివి కొన్ని అక్కడివి కలిసిపోయి టాలీలో మీ లెక్కలే తెరుచుకోవు.

దీనితో పాటు వారానికోసారి ఒక పెన్‌డ్రైవ్‌లో కూడా ఎక్కించి ఇంటికి తీసుకెళ్లండి, రెండు పెన్‌డ్రైవ్‌లు పెట్టుకుని ఒక వారం ఇది ఒక వారం అది, ఎప్పుడూ ఒకటి మాత్రం కంప్యూటర్‌కి దూరంగా ఉండాలి, ఎందుకంటే ర్యాన్సమ్‌వేర్ తగిలితే దానికి తగిలించి ఉన్నవన్నీ పోతాయి, డ్రైవ్‌తో సహా. జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి కాబట్టి ప్రతి మార్చి 31 కాపీని వేరేగా దాచండి.

అబ్బాయికి చూడటానికి క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ సరిపోతుంది, డబ్బులేం కట్టక్కర్లేదు. వాడు లోపలికొస్తే మీ కౌంటర్ స్క్రీనే వాడికీ కనపడుతుంది, మౌస్ ఇద్దరిదీ ఒకటే, అందుకే రాత్రి షాపు మూశాక కంప్యూటర్ ఆపకుండా ఓ అరగంట ఉంచండి, వాడు చూసుకుని వాడే ఆపేస్తాడు.

గోడౌన్‌లో కూడా ఒక కంప్యూటర్ పెట్టి కుర్రాడి చేత డెలివరీ చలాన్లు, వచ్చిన సరుకు ఎంట్రీ కొట్టించాలి అనుకున్న రోజు మళ్లీ ఇవన్నీ చేయండి, ఈసారి కేబుల్ లైనుతో పాటు వేరే కంపెనీ లైను ఇంకోటి తీసుకుని కరెంట్ పోయినప్పుడు రెండూ పరీక్షించండి, ఒకటి నిలబడితే క్లౌడ్‌కి వెళ్లండి, నేనే దగ్గరుండి పెట్టిస్తాను. మారేది నెల ఒకటో తారీకున పెట్టుకుందాం, ముందు రోజు రాత్రి కాపీ పంపి, క్లౌడ్‌లో తెరిచి ఆఖరి బిల్లు నంబరు, స్టాకు విలువ, మొత్తం బాకీలు ఈ మూడూ ఇక్కడి అంకెలతో పైసా తేడా లేకుండా కలిశాయో లేదో చూద్దాం. కలిసిన వెంటనే ఇక్కడి పాత ఫోల్డర్ పేరు మార్చేయాలి, లేకపోతే మర్నాడు పొద్దున కౌంటర్ కుర్రాడు అలవాటు కొద్దీ పాత ఐకాన్ నొక్కి నలభై బిల్లులు అందులో కొట్టేస్తాడు, ఆ నలభై మళ్లీ చేత్తో ఎక్కించాల్సి వస్తది.

ఈ ఆదివారం అబ్బాయి వస్తున్నాడన్నారుగా, వాడి ల్యాప్‌టాప్‌లో టాలీని లైసెన్స్ లేకుండా నడిచే ఎడ్యుకేషనల్ మోడ్‌లో వేసి, డ్రైవ్‌లోంచి నిన్నటి జిప్ దించి తెరిపించండి. శనివారం రాత్రి మీరు కొట్టిన ఆఖరి బిల్లు అందులో కనపడిందో లేదో నాకు ఫోన్ చేసి చెప్పండి.